‘ఉన్నది ఉన్నట్టుగా’ కొన్న కారు: కాగితం మీద ఏముండాలి, ఏ హక్కు మిగులుతుంది

సెకండ్ హ్యాండ్ కారు చేతులు మారేటప్పుడు మన దగ్గర రాసుకునే కాగితం సాధారణంగా ఒక పేజీ దాటదు. కన్సల్టెన్సీలో అయితే సొరుగులోంచి అచ్చేసిన డెలివరీ నోట్ తీస్తారు. ఇద్దరు మనుషుల మధ్య బేరమైతే వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయిస్తారు. పేర్లు, బండి నంబరు, ధర, కింద రెండు సంతకాలు. వాటికి కాస్త పైన దాదాపు ప్రతి కాగితంలోనూ కనిపించే వాక్యం ఒకటుంటుంది: ‘వాహనమును చూచుకొని, నడిపి చూచుకొని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను. ఇకపై వాహనమునకు సంబంధించి అమ్మినవారికి ఎట్టి బాధ్యతా లేదు.’

ఈ వాక్యం రాయించుకున్నాక తనకిక ఏ చిక్కూ ఉండదని అమ్మినవారు నమ్ముతారు. సంతకం పెట్టేశాం కదా, ఇక అడిగే దారి లేదని కొన్నవారు ఊరుకుంటారు. ఇద్దరి లెక్కా తప్పే. ఆ వాక్యం కారు కండిషన్‌కు వర్తిస్తుంది. అమ్మేటప్పుడు చెప్పిన అబద్ధానికి వర్తించదు. కారు తనది కాకపోతే ఆ లోటును పూడ్చదు. రవాణా చట్టం అమ్మినవారి మీద పెట్టిన బాధ్యతను తీసేయదు. ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది తెలిస్తే ఒప్పందంలో ఏం రాసుకోవాలో దానంతటదే తేలుతుంది.

ఒక బేరాన్ని ఊహించుకుందాం. హనుమకొండలో ఒక స్కూలు టీచరు. కూకట్‌పల్లిలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర 2017 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉందని తెలిసి వెళ్లారు. మీటరు మీద 78,400 కిలోమీటర్లు ఉంది. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, ఒక రౌండ్ నడిపి చూశారు. ‘మీటరు ఒరిజినలేనా సార్?’ అని అడిగితే, ‘మీటరు ఎవరూ ముట్టుకోలేదు మాస్టారూ, మా ఇంట్లో వాడిన బండి’ అన్నారు ఆయన. రూ.4,10,000కు బేరం కుదిరింది. ఇరవై వేలు బయానా ఇచ్చి, మిగతాది బ్యాంకు ద్వారా పంపి, ‘ఉన్నది ఉన్నట్టుగా’ కాగితం మీద సంతకం పెట్టి కారు తెచ్చుకున్నారు. నెలన్నర తిరక్కుండానే మూడు సంగతులు బయటపడ్డాయి. క్లచ్ పోయింది. సర్వీసు సెంటర్‌లో పాత బిల్లులు తీయిస్తే, ఏడాదిన్నర కిందటే మీటరు 1,21,600 చూపించినట్టు తేలింది. పేరు మార్పిడికి వెళితే ఆర్సీలో ఇంకా బ్యాంకు హైపోథికేషన్ కనిపించింది.

కారు ఒకటే, కాగితం ఒకటే. కానీ ఈ మూడింటికీ చట్టం మూడు రకాల జవాబులు చెబుతుంది.

క్లచ్ సంగతి ముందు చూద్దాం. ఇక్కడ టీచరు గారికి దాదాపు ఏ దారీ లేదు. వస్తువుల అమ్మకానికి మనకున్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. కొనేవాడే చూసుకుని కొనాలన్నది అందులో మూల సూత్రం. సరుకు ఫలానా పనికి సరిపోవాలి, అమ్మదగిన నాణ్యతతో ఉండాలి అన్న హామీలను చట్టం తనంతట తానుగా కల్పించేది ముఖ్యంగా ఆ సరుకుల వ్యాపారం చేసేవారి మీదే. ఇంట్లో వాడుకున్న కారును ఒక్కసారి అమ్ముకునే మనిషి వ్యాపారి కాదు. పైగా కొనే మనిషి పరీక్షించి చూసుకున్నప్పుడు, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల మీద తర్వాత మాట్లాడే వీలు ఉండదు. ఇవన్నీ పోగా మిగిలిన కాస్తా ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న వాక్యంతో పోతుంది. చట్టం కల్పించే హామీలను ఇద్దరూ ఒప్పుకుని తీసేసుకోవచ్చని అదే చట్టంలోని 62వ సెక్షన్ చెబుతోంది. పాత డీజిల్ కారులో క్లచ్, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు, ఏసీ కంప్రెసర్ ఎప్పుడైనా పోవచ్చు. ధరలో ఆ రిస్కు కలిసే ఉంది. అమ్మినవారికి ఈ వాక్యం ఇచ్చే అసలైన రక్షణ ఇదే. ఇది న్యాయమైనది కూడా. పాత కారు అమ్మిన మనిషి, కొన్నవారి మెకానిక్ ఫోనుకు ఏడాది పొడవునా జవాబు చెబుతూ కూర్చోలేడు కదా.

మీటరు సంగతి అలా కాదు. అక్కడ లోపం కారులో లేదు, చెప్పిన మాటలో ఉంది. కారు బాగుంటుందని నేను హామీ ఇవ్వను అనడం వేరు, 1,21,600 దాటేసిన కారును 78,400 తిరిగిందని చెప్పడం వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ దీన్ని మోసం అంటుంది. నిజం కాదని తెలిసీ ఒక విషయాన్ని నిజమని చెప్పడం, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని దాచడం రెండూ అందులోకి వస్తాయి. మోసంతో తెచ్చుకున్న సమ్మతి మీద నిలబడిన ఒప్పందాన్ని మోసపోయిన మనిషి రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందమే రద్దయ్యాక, అందులో ఒక వాక్యమైన ‘ఎట్టి బాధ్యతా లేదు’ విడిగా నిలబడి అమ్మినవారిని కాపాడదు.

ఊరుకున్నంత మాత్రాన మోసం అవుతుందా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆ చట్టంలోనే దీనికి ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మేస్తే, కేవలం మౌనం మోసం కాదు. కానీ కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నాక కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. ఇది కారు కొనేవారికి చాలా పనికొచ్చే సూత్రం. బేరం కుదిరిన రోజున, డబ్బు పంపే ముందు, ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: ‘మీటరు 78,400 నిజమైనది, కారుకు పెద్ద యాక్సిడెంట్ కాలేదు, వరద నీళ్లలో మునగలేదు, లోన్ తీరిపోయింది అని మీరు చెప్పిన మాట నమ్మి కొంటున్నాను. ఇందులో ఏదైనా సరికాకపోతే ఇప్పుడే చెప్పండి.’ జవాబు వచ్చినా సాక్ష్యమే. చూసి ఊరుకుని, ఆ తర్వాత డబ్బు తీసుకున్నా అది కొన్నవారి పక్షాన మాట్లాడుతుంది. కూకట్‌పల్లి ఇంటి ముందు నోటిమాటగా జరిగిన సంభాషణను కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, తొందరపడి అవతలి మనిషిని తప్పుపట్టకూడదు. ఆ రిటైర్డ్ ఉద్యోగి కూడా ఆ కారును సెకండ్ హ్యాండ్‌లోనే కొని ఉంటే? మీటరు తిప్పింది మొదటి ఓనరో, మధ్యలో ఏజెంటో అయితే? అప్పుడు ఆయన చెప్పింది అబద్ధమే అయినా, అబద్ధమని తెలిసి చెప్పలేదు. చట్టం దీన్ని మోసం అనదు, తప్పుడు ప్రకటన అంటుంది. అప్పుడు కూడా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు గానీ ఒక అడ్డు ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నప్పుడు ఆ హక్కు ఉండదు. ‘సర్వీసు సెంటర్‌కు వెళ్లి పాత బిల్లులు చూసుకోవాల్సింది, మీరే చూసుకోలేదు’ అని అవతలి వకీలు వాదిస్తారు. ఆ వాదనకు బలముంది.

అందుకే ఒప్పందంలో మీటరు గురించి ఒక వాగ్దానంగా రాయించుకోవడం ముఖ్యం. వాగ్దానం తప్పినప్పుడు, తెలిసి తప్పారా తెలియక తప్పారా అన్న ప్రశ్న అవసరం లేదు. ఈ వాక్యం ఇలా ఉండవచ్చు:

‘అప్పగించే సమయానికి ఓడోమీటరు 78,400 కి.మీ. చూపుతున్నది. ఇది కారు నిజంగా తిరిగిన దూరమేనని అమ్మువారు హామీ ఇస్తున్నారు. ఇది తప్పని 60 రోజులలోపు సర్వీసు రికార్డుతో తేలినచో, కొనువారు కారును తిరిగి అప్పగించి పూర్తి ధర వాపసు పొందవచ్చు, లేదా కారు ఉంచుకొని ధరలో తేడాను పొందవచ్చు. ఈ హామీకి, క్రింది ఉన్నది ఉన్నట్టుగా అను నిబంధన వర్తించదు.’

మూడో వాక్యం ఎందుకంటే, విక్రయ చట్టంలో ఒక కిటుకు ఉంది. హామీ ఎంత ముఖ్యమైనదైనా, కొన్నవారు సరుకును స్వీకరించేశాక సాధారణంగా దాన్ని తిప్పి ఇచ్చే హక్కు పోతుంది, నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. కారు ఇంటికి తెచ్చి నెలన్నర నడిపాక స్వీకరించలేదని చెప్పడం కష్టం. తిరిగి ఇచ్చే హక్కు కావాలంటే దాన్ని మాటల్లో రాసుకోవాలి. నాలుగో వాక్యం లేకపోతే, పైన ఇచ్చిన హామీని కింద ఉన్న వాక్యం మింగేసిందని అమ్మినవారు వాదించే అవకాశం ఉంటుంది.

అమ్మేవారు మొదటి ఓనరు కాకపోతే, నిజాయితీ ఉన్న మనిషి ఇంత గట్టి హామీ మీద సంతకం పెట్టడానికి వెనకాడటం సహజం. పెట్టకూడదు కూడా. ఆయన రాయగలిగింది ఇది: ‘నేను 2020లో ఈ కారు కొన్నప్పుడు మీటరు ఇంత ఉన్నది. అప్పటినుండి మీటరు మార్చలేదు, మార్పించలేదు. అంతకుముందు సంగతి నాకు తెలియదు.’ ఇలా రాసిన కాగితం ఇద్దరికీ మంచిది. తనకు తెలిసినంత వరకే అమ్మినవారు బాధ్యులవుతారు. తెలియని భాగం ఎంతో కొన్నవారికి ముందే తెలుస్తుంది కాబట్టి దాన్ని బట్టి ధర తగ్గించి అడగవచ్చు.

హనుమకొండ టీచరు గారి కాగితంలో ఇవేవీ లేవనుకుందాం. నోటిమాట, మీటరు ఫొటో, ఇప్పుడు దొరికిన సర్వీసు బిల్లు మాత్రమే ఉన్నాయి. అయినా దారి మూసుకుపోలేదు. కానీ ఆ బిల్లు చేతికొచ్చిన రోజు నుంచి ఆయన ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. మోసం బయటపడ్డాక కూడా కారును పిల్లల్ని స్కూలుకు దింపడానికి, పెళ్లిళ్లకు తిప్పుతూ పోతే, ఒప్పందాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. రద్దు చేసే హక్కు జారిపోతుంది. రద్దు కావాలనుకుంటే కారును పక్కన పెట్టి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. ఎప్పుడు ఏం చెప్పారు, ఇప్పుడు ఏం తేలింది, కారు ఎక్కడుంది, ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిచ్చి కారు తీసుకెళ్లాలి అన్నవి నాలుగు పేరాల్లో చాలు. సర్వీసు బిల్లు నకలు జతచేయాలి. రద్దు అంటే రెండు వైపులా వెనక్కి వెళ్లడం. డబ్బు తిరిగి అడిగేవారు కారును తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి.

కారు ఉంచుకుంటాను, నష్టం మాత్రం అడుగుతానంటే లెక్క వేరు. చెప్పినట్టు ఉంటే ఆ కారు విలువ ఎంత, ఉన్నట్టుగా ఎంత అన్న తేడాయే నష్టం. అదే మోడల్, అదే సంవత్సరం కారు 78 వేల కిలోమీటర్లకు రూ.4,10,000 పలికి, లక్షన్నరకు దగ్గరగా తిరిగింది రూ.3,30,000 పలికితే, అడగాల్సింది రూ.80,000. క్లచ్ మార్చిన ఖర్చును దీంట్లో కలిపి పెద్ద మొత్తం చేయాలనిపిస్తుంది. ఎక్కువ తిరిగినందువల్లే క్లచ్ పోయిందని మెకానిక్ రాతపూర్వకంగా చెబితే తప్ప, దాన్ని కలపడం వల్ల అసలు కేసు పలుచనవుతుంది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య వ్యవహారం కాబట్టి ఈ దావా సివిల్ కోర్టుకు వెళ్తుంది. మూడేళ్ల గడువు ఉంటుంది. మోసమైతే ఆ గడువు మోసం బయటపడిన రోజు నుంచి మొదలవుతుంది. పోలీసు స్టేషన్‌లో చీటింగ్ ఫిర్యాదు ఇవ్వవచ్చు గానీ, అమ్మిన రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించే ఆధారం లేకపోతే అది సివిల్ తగాదా అని పక్కన పెడతారు.

ఇక మూడోది, ఆర్సీలో మిగిలిపోయిన హైపోథికేషన్. ఇది కండిషన్ కాదు, యాజమాన్యం. అమ్మే మనిషికి అమ్మే హక్కు ఉండాలి, సరుకు మీద చెప్పని అప్పు భారం ఉండకూడదు అన్నవి విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రతి అమ్మకంలోనూ చేర్చే షరతులు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట ఇంజను, బాడీ, టైర్ల సంగతి. ఆ మాటతో ఈ షరతులు పోవు. దొంగ బండి అని తేలి పోలీసులు తీసుకెళ్తే, ఎంత గట్టిగా రాసుకున్న కాగితమైనా అమ్మినవారు ధర వాపసు ఇవ్వాల్సిందే. తనది కాని సరుకు మీద ఎవరూ మరొకరికి హక్కు ఇవ్వలేరు.

అయితే చాలాసార్లు లోన్ నిజంగానే తీరిపోయి ఉంటుంది, కాగితం పనే మిగిలి ఉంటుంది. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో హైపోథికేషన్ తీయించాలి. అది చేయకుండా ఎన్‌ఓసీని బీరువాలో పెట్టి మరిచిపోయేవారు చాలామంది. పాత ఎన్‌ఓసీని అంగీకరించకపోతే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి. బ్యాంకు విలీనమైపోయి ఉంటే ఇంకా ఎక్కువ తిరగాలి. కాబట్టి ఈ పని కొన్నవారి మీద వేయకూడదు. హైపోథికేషన్ తీసేసిన ఆర్సీ కనిపించే దాకా ధరలో కొంత, ఉదాహరణకు పాతికవేలు, ఆపుకుంటున్నట్టు ఒప్పందంలో రాసుకుంటే పని త్వరగా జరుగుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే హైపోథికేషన్ సంగతి, ఇన్సూరెన్స్ గడువు రెండు నిమిషాల్లో కనిపిస్తాయి. చలాన్లు కూడా నంబరు మీద చూసుకోవచ్చు. బయానా ఇచ్చే ముందు చేయాల్సిన పని ఇది.

అప్పగించిన రోజు కాగితంలో పడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీలోంచి ఎత్తి రాయడం కాదు, కారు మీద చూసి రాయాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే పదిహేడు అక్షరాలూ అచ్చు పడతాయి. ఆ ముక్కను ఒప్పందానికే అంటించి దాని మీద ఇద్దరూ సంతకం పెడితే, తర్వాత ఏ బండి గురించి రాసుకున్నామన్న తగాదా ఉండదు. అంకెలు గీరినట్టు, వెల్డింగ్ చేసినట్టు అనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

అమ్మేవారికి తెలిసిన లోపాలు విడివిడిగా రాయాలి. ‘ఏసీ ఆన్ చేస్తే శబ్దం వస్తున్నది. ముందు బంపర్, ఎడమ ఫెండర్ తిరిగి పెయింట్ చేయించినవి. స్టెప్నీ టైరు అరిగినది.’ ఇలా రాయడం వల్ల ధర తగ్గుతుందని అమ్మేవారు భయపడతారు. కానీ వారిని నిజంగా కాపాడేది ఈ మూడు వాక్యాలే. చెప్పి అమ్మిన లోపాన్ని దాచారని ఎవరూ అనలేరు. నేను అమ్మే స్థానంలో ఉంటే ‘ఎట్టి బాధ్యతా లేదు’ అన్న గంభీరమైన వాక్యం కంటే ఈ జాబితాకే ఎక్కువ విలువ ఇస్తాను.

తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయాలి. సాయంత్రం 5.40కి కారు అప్పగిస్తే, 5.40 తర్వాత పడిన చలానా, జరిగిన ప్రమాదం కొన్నవారివని ఆ ఒక్క గీతతో తేలుతుంది. కనీసం ఆ ఇద్దరి మధ్య తేలుతుంది. ‘ఇద్దరి మధ్య’ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. బయటివారి దృష్టిలో లెక్క వేరు.

నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కారు అమ్మే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ మొదటి ఓనరు పేరు మీదే ఉండగా ఆ కారు ఒకరి నుంచి మరొకరికి చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. నేను ఎప్పుడో అమ్మేశాను అన్నది మొదటి ఓనరు వాదన. రిజిస్టరులో ఎవరి పేరుంటే మోటారు వాహనాల చట్టం దృష్టిలో వారే ఓనరు, బాధితులు చేతులు మారిన వరుసంతా వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అని కోర్టు తేల్చింది. పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. ‘అమ్మినవారికి ఎట్టి బాధ్యతా లేదు’ అన్న కాగితం ఇలాంటి చోట బాధితుల ముందు పనిచేయదు. కొన్నవారి నుంచి ఆ డబ్బు తర్వాత రాబట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. అందుకైనా ‘అప్పగించిన సమయం నుండి కలిగే చలాన్లు, కేసులు, పరిహారాలు కొనువారు భరించవలెను, అమ్మువారి మీద పడినచో తిరిగి చెల్లించవలెను’ అని రాసి ఉండాలి.

కాబట్టి ఫారం 29, ఫారం 30 ఖాళీగా సంతకాలు చేసి కారుతో పాటు ఇచ్చేసే అలవాటు మానుకోవాలి. ఆ ఖాళీ ఫారాలతోనే కారు నలుగురి చేతులు మారుతుంది. అమ్మకం సంగతి అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. ఫారాలు పూర్తిగా నింపి, తేదీ వేసి, ఒక సెట్ ఫొటో తీసి పెట్టుకోవాలి. మార్పిడికి దరఖాస్తు ఎవరు పెడతారు, ఫీజు ఎవరిది, ఏ తేదీలోపు అన్నది ఒప్పందంలోనే ఉండాలి. విజయవాడ కారు హైదరాబాదుకు వస్తుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎవరి నెత్తిన అన్నది కూడా రాసుకోవాలి. ఆ మొత్తం చిన్నది కాదు.

ఇన్సూరెన్స్ సంగతి రెండు ముక్కల్లో. థర్డ్ పార్టీ కవర్ కారుతో పాటే కొన్నవారికి మారినట్టు చట్టం భావిస్తుంది. కారుకు జరిగే నష్టానికి ఉండే ఓన్ డ్యామేజ్ కవర్ అలా దానంతటదే మారదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషికి చెందినది, కారుకు కాదు. దాన్ని అమ్మినవారు తమ కొత్త బండికి వాడుకోవచ్చు, కొన్నవారికి రాదు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపడం మేలు. ఒక అమ్మకానికి రూ.2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, జరిమానా తీసుకున్నవారి మీద పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ధర తక్కువ చూపించి మిగతాది చేతికిస్తే రేపు కారు తిరిగి ఇవ్వాల్సి వచ్చినప్పుడు కాగితం మీదున్నంతే వెనక్కి వస్తుంది. బయానా ఎంత, ఎవరు వెనక్కి తగ్గితే అది ఏమవుతుంది అన్నది రాయకపోవడం వల్ల వచ్చే తగాదాలు కూడా తక్కువేమీ కాదు.

ఇంతవరకూ చెప్పింది మనిషికీ మనిషికీ మధ్య బేరం. అదే కారును కన్సల్టెన్సీ దగ్గర కొంటే కొన్నవారి చేయి కాస్త పైన ఉంటుంది. కార్లు అమ్మడమే వారి వ్యాపారం కాబట్టి, చట్టం కల్పించే హామీలు అక్కడ నిజంగా పనిచేయడం మొదలుపెడతాయి. ఊళ్లో రోజూ యాభై కిలోమీటర్లు తిరగడానికి కారు కావాలి, ఏది ఇస్తారో మీరే చూసివ్వండి అని చెప్పి వారి అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ పనికి సరిపోయే కారు ఇవ్వాల్సిన బాధ్యత వారి మీద ఉంటుంది. దాన్ని తీసేయాలంటే స్పష్టంగా రాసి తీసేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కూడా ఇక్కడ అందుబాటులోకి వస్తుంది. కారు గురించి తప్పుడు ప్రకటన చేసి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని అచ్చేసిన ఫారం మీద సంతకం ఉన్నంత మాత్రాన ఆ ఫిర్యాదును కమిషన్ తోసిపుచ్చదు. సొంత వాడకానికి కొన్నవారితో పాటు, బతుకుతెరువు కోసం తామే నడుపుకునే ట్యాక్సీ కొన్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. పదిహేను కార్లు తిప్పే ట్రావెల్స్ వారికి ఆ దారి ఉండదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, చాలా కన్సల్టెన్సీలు కాగితం మీద అమ్మేవారిగా కనిపించవు. అమ్మినవారి గడిలో పాత ఓనరు పేరు, ఎప్పుడూ చూడని మనిషి సంతకం. కన్సల్టెన్సీకి ఇచ్చిన డబ్బుకు రసీదు కూడా ఉండదు. రేపు గొడవ వస్తే ‘మేం మధ్యవర్తులమే సార్, మీరు ఓనరునే అడగండి’ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లు రిజిస్టరింగ్ అథారిటీ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి డీలరుకు ఓనరు కారు అప్పగించినట్టు ఫారం 29సిలో తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ కారుకు డీలరునే ఓనరుగా భావిస్తారు. కాబట్టి అధికార పత్రం ఉందా, 29సి పెట్టారా అని అడగడం కొనేవారి హక్కు. కారు అమ్మకానికి వదిలిపెట్టే పాత ఓనరుకైతే అది ఇంకా ఎక్కువ అవసరం. లేదంటే షెడ్డులోంచి టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లిన కారు ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది ఆయన ఇంటికే.

ఆ పత్రం లేని చోట కొనక తప్పదనుకుంటే, కనీసం మూడు చోట్ల కన్సల్టెన్సీ పేరు పడేలా చూసుకోండి. డబ్బు వారి వ్యాపార ఖాతాకు పంపి రసీదు తీసుకోవాలి. కమిషన్ ఎంతో ఆ రసీదులో విడిగా రాయించాలి. కారు గురించి వారు పెట్టిన ప్రకటనను, ‘నాన్ యాక్సిడెంటల్, ఒరిజినల్ మీటర్’ అన్న మాటలతో సహా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. కమిషన్ తీసుకున్నారంటే సేవ అందించినట్టే, ఆ సేవలో తప్పు జరిగితే జవాబు చెప్పాల్సిందే. ముందు నోటీసు పంపి, జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. హైదరాబాదులో కొన్న కారు మీద ఫిర్యాదును, తాను ఉండే హనుమకొండ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. రూ.5 లక్షల లోపు చెల్లించి కొన్న కారుకు ఫీజు ఉండదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుతో పాటు పెట్టాల్సినవి ఒప్పందం, రసీదు, స్క్రీన్‌షాట్, పాత సర్వీసు బిల్లు, నోటీసు నకలు, దాన్ని పోస్టు చేసిన రసీదు.